చేపల వేట నిషేధకాలం, నాలుగు పనులు, ఒక్క టీమ్: ఆలస్యపు ఖరీదుతో వరుస నిర్ణయించిన అనుభవం

విశాఖపట్నంలో రొయ్యలను శుద్ధిచేసి ఎగుమతి చేసే ఒక సంస్థకు మా అయిదుగురు సభ్యుల టీమ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసి నిర్వహిస్తుంది. మా ఆఫీసు రుషికొండలో ఉంటుంది, వారి ప్లాంటు నగరం శివారులో ఉంటుంది. మార్చి నెలాఖరున వారు ఒకేసారి నాలుగు పనులు అడిగారు. నాలుగూ అవసరమైనవే, నాలుగింటికీ అడిగినవారి దగ్గర బలమైన కారణాలున్నాయి, అన్నీ పూర్తికావడానికి మా అంచనా ప్రకారం పది వారాలు పడుతుంది. ఏప్రిల్ 6, సోమవారం నాడు మొదలుపెట్టబోయే ఆ పది వారాలను ఏ వరుసలో ఖర్చుపెట్టామో, ఆ వరుసను ఏ లెక్కతో నిర్ణయించామో, ఆ లెక్క ఎక్కడ తప్పుదారి పట్టించబోయిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పడం లేదు. అంకెలు మా లెక్కలోవే, వీలున్నచోట సౌలభ్యం కోసం గుండ్రం చేశాను.

మొదటిది హార్బర్ కొనుగోలు మాడ్యూల్. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలంలో కొన్న సరుకును ఇప్పటిదాకా చీటీల మీద రాస్తున్నారు. దాన్ని ఫోన్‌లో నమోదు చేసి, ప్లాంటులో కాటా బరువుతో సరిచూడటం ఈ పని ఉద్దేశం. రెండోది ఎగుమతి పత్రాల తయారీ. ప్యాకింగ్ లిస్టులో, హెల్త్ సర్టిఫికెట్ దరఖాస్తులో, షిప్పింగ్ బిల్లులో బరువులూ లాట్ నంబర్లూ ఒకదానితో ఒకటి సరిపోక, సరుకును గడ్డకట్టించి ఉంచే రీఫర్ కంటైనర్లు యార్డులో నిలిచిపోతున్నాయి. మూడోది రొయ్యలు ఒలిచే మహిళల పీస్ రేటు లెక్క, అంటే చేసిన పనిని బట్టి ఇచ్చే కూలి లెక్క. నాలుగోది కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రత పెరిగితే ఫోన్లకు హెచ్చరిక పంపడం.

యజమాని అభిప్రాయం మొదటి రోజు నుంచీ స్పష్టంగానే ఉంది. "హార్బర్ దగ్గర పోయే డబ్బే అన్నిటికన్నా ఎక్కువండీ. ముందు అది కానివ్వండి, మిగతావి తరువాత చూద్దాం" అన్నారు. ఆయన మాటలో సగం నిజమని మా లెక్కలోనూ తేలింది. మిగిలిన సగం సంగతే ఈ వ్యాసం.

అంకెలు ఎలా వచ్చాయి

ఒక పనికి 'ఎంత విలువ ఉంది' అని అడిగితే ఎవరి పనికి వారు పెద్ద అంకెలు చెబుతారు. మేము అడిగిన ప్రశ్న వేరు: ఈ పని ఒక వారం ఆలస్యమైతే ఆ వారంలో ఎంత డబ్బు పోతుంది? దీన్నే ఆలస్యపు ఖరీదు, ఇంగ్లీషులో కాస్ట్ ఆఫ్ డిలే అంటారు. విలువకు ప్రమాణం రూపాయలైతే దీనికి ప్రమాణం వారానికి రూపాయలు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని, కాలం అనేది లెక్కలోకి వచ్చేది ఇక్కడే.

ఎగుమతి పత్రాల విషయంలో పాత బిల్లులు మాకు సాయపడ్డాయి. వారానికి సుమారు పది కంటైనర్లు వెళుతుంటే, వాటిలో నాలుగు పత్రాల తేడాల వల్ల సగటున రెండు రోజులు అదనంగా యార్డులో ఆగుతున్నాయి. కంటైనర్‌కు విద్యుత్ కనెక్షన్, స్థలం అద్దె కలిపి రోజుకు దాదాపు 5,000 రూపాయలు పడుతోంది, అంటే వారానికి 40,000. ఇది అందరికీ కనిపించే నష్టం. కనిపించనిది ఇంకొకటి ఉంది. ఆ నాలుగు కంటైనర్ల పత్రాలు ఆలస్యం కావడం వల్ల కొనుగోలుదారు నుంచి రావలసిన డబ్బు సగటున నాలుగు రోజులు వెనక్కి పోతోంది. ఒక్కో కంటైనర్‌లో సరుకు సుమారు కోటి రూపాయలు, బ్యాంకు వడ్డీ తొమ్మిది శాతం అనుకుంటే రోజుకు దాదాపు 2,500, నాలుగు కంటైనర్లకు నాలుగు రోజులకు మరో 40,000. మొత్తం వారానికి 80,000 రూపాయలు.

పీస్ రేటు లెక్కలో ఒక పొరపాటు చేయబోయి ఆగాం. ఇద్దరు గుమాస్తాలు వారానికి రెండేసి రోజులు ఈ లెక్క మీదే కూర్చుంటారు కాబట్టి వారి జీతాల్లో ఆ భాగాన్ని కలపాలని మాలో ఒకరు అన్నారు. కాని ఈ పని పూర్తయినా వారి జీతాలు తగ్గవు, ఎవరినీ తీసేయరు, కాబట్టి అది ఆదా కాదు. అసలు నష్టం శనివారం మధ్యాహ్నం జరుగుతోంది. ట్రే బరువుల మీద తగాదా వచ్చి 120 మంది గంటన్నర సేపు పని ఆపి కౌంటర్ ముందు నిలబడతారు. నేను వెళ్లిన శనివారం ఒకావిడ తన చేతి చీటీలోని పదకొండు ట్రేలనూ రిజిస్టర్‌లోని తొమ్మిదింటినీ వేలు పెట్టి చూపిస్తూ, "బాబూ, నేను మోసినవి నాకు తెలీవా?" అని అడిగారు. ఆమె చీటీయే సరైనదని తరువాత తేలింది. ఆగిపోయిన ఆ 180 పనిగంటలను ఆదివారం ఓవర్‌టైమ్‌తో, గంటకు 150 చొప్పున పూరించుకుంటున్నారు, అది 27,000. ఆగిన సరుకుకు ఐసు, వేచివున్న వ్యాన్ల బాడుగ కలిపి 9,000. మొత్తం 36,000.

హార్బర్ సంగతికి వస్తే, వారానికి సగటున 15 టన్నులు, కిలో సుమారు 300 రూపాయల చొప్పున 45 లక్షల సరుకు కొంటారు. చీటీకీ కాటాకీ తేడా నాలుగు శాతం ఉంటుందని యజమాని అంచనా. రెండు నెలల చీటీలు తెప్పించి సరిచూస్తే రెండు శాతం తేలింది, అంటే వారానికి 90,000. సగానికి తగ్గినా నాలుగు పనుల్లో ఇదే పెద్దది.

హెచ్చరికల పనికి నష్టం ప్రతి వారం జరగదు. నాలుగేళ్లలో రెండుసార్లు రాత్రివేళ కంప్రెసర్ ఆగిపోయి, మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండవలసిన గది తెల్లవారేదాకా వేడెక్కుతూనే ఉండిపోయింది. ఒక్కోసారి సుమారు 21 లక్షల నష్టం. ఆ 42 లక్షలను నాలుగేళ్లలోని 208 వారాలకు పంచితే వారానికి దాదాపు 20,000. రెండే ఘటనల నుంచి తీసిన సగటు బలహీనమైనదని నాకు తెలుసు. అయినా 'ఇది రిస్కు, దీన్ని అంకెల్లో పెట్టలేం' అని వదిలేస్తే ఈ పని అందరికన్నా ముందుకైనా పోతుంది, అందరికన్నా వెనక్కైనా పోతుంది, సమావేశంలో ఎవరి గొంతు పెద్దదనే దాన్నిబట్టి.

భాగహారం ఎందుకు

పనుల అంచనా కాలం ఇది: హార్బర్ మూడు వారాలు, పత్రాలు నాలుగు, పీస్ రేటు ఒకటి, హెచ్చరికలు రెండు. వెయిటెడ్ షార్టెస్ట్ జాబ్ ఫస్ట్ అనే పద్ధతి చెప్పేది ఒక్కటే:

```
ప్రాధాన్యం = వారానికి ఆలస్యపు ఖరీదు ÷ పట్టే వారాలు
```

ఎందుకు భాగించాలో యజమానికి నచ్చజెప్పడానికి రెండు పనులను మాత్రమే తీసుకుని బోర్డు మీద రాశాను. పత్రాల పని ముందు చేస్తే పీస్ రేటు నాలుగు వారాలు ఆగాలి, వారానికి 36,000 చొప్పున 1,44,000 పోతుంది. పీస్ రేటు ముందు చేస్తే పత్రాలు ఒక్క వారం ఆగాలి, 80,000 పోతుంది. పక్కపక్కనున్న ఏ రెండు పనులనైనా ఇలా అటూ ఇటూ మార్చి చూస్తే, ఖరీదును కాలంతో భాగించగా ఎక్కువ వచ్చినదే ముందుండాలని తేలుతుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. ఒక యంత్రం మీద ఒకదాని తరువాత ఒకటిగా నడిచే పనులకు 1956లోనే స్మిత్ అనే పరిశోధకుడు దీన్ని నిరూపించాడు. ఆ నిరూపణలో ఒక షరతు ఉంది: ప్రతి పనికీ ఆలస్యపు ఖరీదు మొదటి రోజు నుంచీ ఒకే వేగంతో పెరుగుతూ ఉండాలి.

ఆ షరతును పట్టించుకోకుండా భాగిస్తే పీస్ రేటుకు 36,000, హార్బర్‌కు 30,000, పత్రాలకు 20,000, హెచ్చరికలకు 10,000 వచ్చాయి. అంటే హార్బర్ పని రెండో స్థానంలో నిలిచింది. యజమాని సంతోషించారు, మేమూ దాదాపు ఒప్పుకున్నాం.

జూన్ 14 వరకూ సున్నా

ఆ సమావేశంలో టీ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు, ఈసారి నిషేధకాలంలో ఊరికి వెళ్లడానికి సెలవు అడిగాడు. అప్పుడు గాని మాకు తట్టలేదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవల చేపల వేట నిషేధం. బోట్లన్నీ జెట్టీ దగ్గర కట్టేసి ఉంటాయి, మరమ్మతులూ రంగులూ నడుస్తాయి, వేలం ఉండదు. ప్లాంటు ఆ రెండు నెలలూ చెరువుల రొయ్యల మీదే నడుస్తుంది. కొనుగోలే లేనప్పుడు కొనుగోలు చీటీల్లో తేడా ఎక్కడిది? ఏప్రిల్ 15కు ముందు మిగిలిన ఆ ఒక్క వారంలో మూడు వారాల పని ఎలాగూ పూర్తికాదు. కాబట్టి హార్బర్ మాడ్యూల్ ఆలస్యపు ఖరీదు వారానికి 90,000 కాదు. జూన్ 15 వరకు సున్నా, ఆ తరువాత 90,000.

ఈ ఒక్క సంగతితో లెక్కంతా మారింది. ఏప్రిల్ 6 నుంచి జూన్ 15కు సరిగ్గా పది వారాలు. యజమాని చెప్పినట్టు హార్బర్ ముందు, తరువాత పత్రాలు, పీస్ రేటు, హెచ్చరికలు చేస్తే మొత్తం ఆలస్యపు ఖరీదు 10.48 లక్షలు. భాగహారం ఇచ్చిన వరుసను గుడ్డిగా పాటిస్తే 8.76 లక్షలు. హార్బర్‌ను చివరికి నెట్టి పీస్ రేటు, పత్రాలు, హెచ్చరికలు, హార్బర్ అనే వరుసలో చేస్తే 5.76 లక్షలు. లెక్క కట్టే విధం సులువే: ప్రతి పనీ ఎన్నో వారం చివర పూర్తవుతుందో ఆ వారాల సంఖ్యను దాని వారపు ఖరీదుతో గుణించి కూడాలి, హార్బర్‌కు మాత్రం పదో వారం దాటిన భాగాన్నే గుణించాలి. మేము అంతకుముందు చేసినట్టు నాలుగింటినీ సమాంతరంగా లాగి, అన్నీ పదో వారానికి ముగిస్తే ఇదే లెక్కన 13.60 లక్షలు అయ్యేది.

ఇక్కడ ఇంకో పద్ధతి గురించి చెప్పాలి, ఎందుకంటే చాలా టీమ్‌లు ఇప్పటికీ దాన్నే వాడుతున్నాయి. రూపాయలకు బదులు 1, 2, 3, 5, 8, 13 వంటి మార్కులు వేసి, వ్యాపార విలువ, కాలపు తొందర, రిస్కు తగ్గింపు అనే మూడింటినీ కూడి, పని పరిమాణంతో భాగిస్తారు. మేము కూడా రెండేళ్లు అలాగే చేశాం. ఆ పద్ధతిలో హార్బర్‌కు కాలపు తొందర కింద కచ్చితంగా 13 పడేది, ఎందుకంటే జూన్ 15 అనే తేదీ కళ్లముందు ఉంది. కాని తేదీ ఉన్నంత మాత్రాన ఈ రోజే తొందర ఉన్నట్టు కాదు. మూడు వారాల పనికి జూన్ 15 గడువు అయితే, మే 25 లోగా మొదలుపెడితే చాలు. అప్పటిదాకా అది ఆగడం వల్ల ఏమీ పోదు, ఆ తరువాత ప్రతి వారమూ 90,000 పోతుంది. ఈ ఆకారాన్ని మార్కుల కూడిక పట్టుకోలేదు.

అరవై వేలు పెట్టి కొన్న రెండు వారాలు

5.76 లక్షల వరుస కాగితం మీద అన్నిటికన్నా చవకైనది. అయినా దాన్ని మేము ఎంచుకోలేదు. ఆ వరుసలో హార్బర్ పని సరిగ్గా పదో వారం చివర ముగుస్తుంది, దాని ముందు మూడు పనులున్నాయి, వాటిలో ఏది జారినా ఆ జారుడంతా హార్బర్ మీదే పడుతుంది. గత ఏడాది మా పనుల రికార్డు తీసి చూస్తే, అంచనా కన్నా సగటున అయిదో వంతు ఎక్కువ కాలం పట్టింది. పది వారాలకు అయిదో వంతు అంటే రెండు వారాలు, హార్బర్ సీజన్ మొదట్లో 1.80 లక్షలు.

అందుకని హార్బర్‌ను హెచ్చరికల ముందుకు తెచ్చాం. పీస్ రేటు, పత్రాలు, హార్బర్, హెచ్చరికలు అన్నమాట. హెచ్చరికల పని మూడు వారాలు వెనక్కి పోయింది కాబట్టి మొత్తం 6.36 లక్షలైంది, అంటే 60,000 ఎక్కువ. దానికి బదులు హార్బర్‌కు రెండు వారాల వెసులుబాటు దొరికింది. దీన్ని యజమానికి 'జాగ్రత్త కోసం' అని చెప్పలేదు, 'రెండు వారాల వెసులుబాటు ఖరీదు 60,000, అది లేకపోతే మన రికార్డు ప్రకారం పోయేది 1.80 లక్షలు' అని చెప్పాను. ఆయన ఒప్పుకోవడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

హెచ్చరికలు చివరికి పోవడం మాత్రం కోల్డ్ స్టోరేజీ ఇన్‌చార్జికి నచ్చలేదు. ఎండాకాలంలో కంప్రెసర్ల మీద భారం ఎక్కువని, సగటు లెక్క మే నెలకు వర్తించదని ఆయన అన్న మాట సబబుగానే ఉంది. దానికి ఒక తాత్కాలిక ఏర్పాటు చేశాం. రాత్రి కాపలాదారు గంటకొకసారి గది బయటి డిస్‌ప్లే చూసి రిజిస్టర్‌లో రాయాలి, మైనస్ 15 దాటితే ఇన్‌చార్జికి ఫోన్ చేయాలి. ఒక పని వెనక్కి నెట్టవలసి వచ్చినప్పుడు దాని ఆలస్యపు ఖరీదునే తగ్గించే చవక మార్గం ఉందా అని వెతకడం నాకు ఈ కేసులో అలవాటైంది. ఎంత తగ్గిందో కొలవలేదు కాబట్టి పై మొత్తాల్లో కలపలేదు.

నడిచిన తీరు

పీస్ రేటు అనుకున్నట్టే ఏప్రిల్ 10న ముగిసింది. పత్రాల పని మే 8న ముగియాలి, ముగియలేదు. కారణం మా కోడ్ కాదు. ఫ్రీజింగ్ విభాగంలో ఒక షిఫ్టు వారు లాట్ నంబర్‌లో తేదీని ముందు, మరో షిఫ్టు వారు ట్యాంకు నంబర్‌ను ముందు రాస్తున్నారు. ఒకే లాట్ రెండు పేర్లతో కనబడటం వల్లే ఇన్నాళ్లూ పత్రాలు సరిపోలేదని నాలుగో వారంలో గాని మాకు అర్థం కాలేదు. పాత స్టాకు లేబుళ్లన్నీ సరిచేయవలసి వచ్చింది.

మే 15న పెద్ద చర్చ జరిగింది. పత్రాల పనికి ఇప్పటికే అయిదు వారాలు పట్టింది, ఇంకో వారం కావాలి, సీజన్ దగ్గరపడుతోంది, దీన్ని పక్కనపెట్టి హార్బర్ మొదలుపెడదామని టీమ్‌లోనే ఇద్దరు గట్టిగా వాదించారు. అప్పుడు మళ్లీ భాగించాం, ఈసారి మొత్తం కాలంతో కాదు, మిగిలిన కాలంతో. గడిచిపోయిన అయిదు వారాలు ఏ వరుసలోనూ తిరిగిరావు కాబట్టి వాటికి లెక్కలో చోటు లేదు. మిగిలింది ఒక వారం, ఖరీదు 80,000, భాగహారం కూడా 80,000. హార్బర్ మే 25 దాకా ఆగినా ఏమీ పోదు. ఆ వారమంతా పత్రాల మీదే ఉండి మే 22న ముగించాం.

హార్బర్ పని మే 25న, అంటే సరిగ్గా ఆఖరి రోజున మొదలై జూన్ 12న పూర్తయింది. హెచ్చరికలు జూన్ 26న పూర్తయ్యాయి. జరిగిన తేదీలతో మొత్తం ఆలస్యపు ఖరీదు 8.36 లక్షలు. పత్రాల పనికి అదే రెండు వారాల జారుడు పెట్టి మిగతా వరుసలను తిరిగి లెక్కిస్తే, కాగితం మీద చవకైన వరుసకు 9.56 లక్షలు, యజమాని మొదటి వరుసకు 13.20 లక్షలు అయ్యేవి.

ఈ అంకెల్లో ఒక దిద్దుబాటు ఉంది. జూన్ మధ్యలో హార్బర్ కొనుగోళ్లు చూసే సూపర్‌వైజర్‌కు యాప్ నేర్పడానికి వెళ్లినప్పుడు ఆయన, "సార్, 15న బోట్లు బయలుదేరతాయి. వేటాడి తిరిగి రావాలి కదా, మనకి సరుకు దిగేసరికి ఇంకో వారం పడుతుంది" అన్నారు. జూన్ 15 అన్నది వేట మొదలయ్యే తేదీయే గాని కొనుగోలు మొదలయ్యే తేదీ కాదు. ఆ వారాన్ని తీసేస్తే చవక వరుసకు అయ్యేది 9.56 కాదు, 8.66 లక్షలు. మా వరుస ఇంకా మెరుగైనదే, కాని తేడా 1.20 లక్షల నుంచి 30,000కు పడిపోయింది. నిషేధం తేదీలను పత్రికలో చూసి రాసుకున్నాం, రోజూ జెట్టీ మీద నిలబడే మనిషిని మార్చిలోనే అడిగి ఉండవలసింది.

ఇంకో తప్పు అంతకన్నా పెద్దది. పత్రాల పనిని నాలుగు వారాల ఒకే ముద్దగా తీసుకున్నాం. వెనక్కి తిరిగి చూస్తే, ఆగిన కంటైనర్లలో అత్యధికం ప్యాకింగ్ లిస్టు బరువుల తేడా వల్ల ఆగినవే. ఆ ఒక్క భాగాన్ని విడిగా చేసి ఉంటే వారంన్నరలో అయ్యేది, వారానికి 60,000 దాకా ఆపగలిగేది. భాగిస్తే 40,000, అంటే పీస్ రేటు కన్నా ముందుండవలసిన పని. మిగిలిన భాగం వారానికి 20,000, రెండున్నర వారాలు, భాగిస్తే 8,000, హెచ్చరికల కన్నా వెనక. లాట్ నంబర్ల చిక్కంతా ఈ రెండో భాగంలోనే ఉంది. ఒకే పెద్ద పనికి వచ్చిన 20,000 అనే సగటు, ముందుండవలసిన సగాన్నీ చివరికి పోవలసిన సగాన్నీ కలిపి మధ్యలో నిలబెట్టింది.

జూలై జాబితా రాసేటప్పుడు ప్రతి పని పక్కనా రెండు కొత్త గడులు పెట్టాం. ఒకదానిలో ఖరీదు ఏ తేదీ నుంచి మొదలవుతుందో, ఆ తేదీ ఎవరు చెప్పారో రాస్తాం. రెండోదానిలో రెండు వారాలు దాటిన ప్రతి పనిలోనూ ముందు విడగొట్టదగిన భాగం ఏదో రాస్తాం. హార్బర్‌కు సంబంధించిన పనులకు మొదటి గడిని ఇప్పుడు ఆ సూపర్‌వైజరే నింపుతున్నారు.